అక్క గురించి రెండు నిమిషాలు

మా పీహెచ్‌సీలో ఫార్మసిస్టుగా 25 ఏళ్లు పూర్తయినందుకు అక్కకి సన్మానం అన్నారు. టీకాల ఫ్రిజ్‌లు, స్టాకు అన్నీ ఆమే చూస్తుంది. డాక్టరు గారు నన్ను పిలిచి "రెండు నిమిషాలు నువ్వే మాట్లాడమ్మా" అన్నారు. సరేనన్నాను గానీ ఆ రాత్రి కాగితం ముందు కూర్చుంటే చేతికొచ్చినవన్నీ అంకితభావం, సేవానిరతి, చిరునవ్వు. రాసింది చదువుకుని ఆమె పేరు తీసేసి మా డ్రైవరు పేరు పెట్టి చూశాను. అచ్చంగా సరిపోయింది! ఆ కాగితం పక్కన పడేశాను.

మర్నాడు టెంపరేచర్ రిజిస్టర్లు తీయించాను. మా ఐఎల్ఆర్, అంటే టీకాలు పెట్టే ఫ్రిజ్, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఉదయం ఒకసారి సాయంత్రం ఒకసారి చూసి రాయాలి. సెలవు రోజైనా రాయాల్సిందే, ఎందుకంటే పండగని కరెంటు పోవడం ఆగదు. సంక్రాంతి, దసరా తేదీలు వెతికాను. ఉన్నవి కొన్నేళ్ల రిజిస్టర్లే, వాటన్నిట్లోనూ పండగ పూట ఆ గుండ్రటి చేతిరాత ఉంది. అక్కడక్కడా వేరే చేతిరాత కనిపించింది, ఆమె ఇంట్లో బాగోలేని రోజులవి. వాటి గురించి మాట్లాడకూడదని అప్పుడే అనుకున్నాను, అది ఆమె సొంత విషయం.

కానీ చెప్పాల్సింది రిజిస్టర్లో లేదు, అది నేను చేసిన ఒక తప్పు గురించి. పద్నాలుగేళ్ల కింద కొత్తగా చేరిన రోజుల్లో, పొద్దున్నే ఊళ్లకి టీకాల క్యారియర్లు పంపాలనే హడావుడిలో, డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాకులని రాయిలా ఉండగానే క్యారియర్‌లో నాలుగు పక్కలా పెట్టి మధ్యలో టీకాలు సర్దేశాను. చల్లగా ఉంటే మంచిదేగా అనుకున్నాను. అక్క వచ్చి ఇంకా సర్దని ప్యాకు ఒకటి తీసి నా చెవి దగ్గర పెట్టి ఊపింది. "ఏమైనా వినిపిస్తోందా?" లేదన్నాను. "లోపల నీళ్లు కదిలిన చప్పుడు వచ్చేదాకా బయట పెట్టాలమ్మా. లేకపోతే డీపీటీ, హెపటైటిస్ బీ, టీటీ గడ్డకడతాయి, గడ్డకట్టినవి పని చెయ్యవు. సీసా మీద ఉండే రంగు గుర్తు వేడికి పాడైతే చెబుతుంది గానీ, చలికి పాడైతే చెప్పదు." అప్పటికే ఒక క్యారియర్ వెళ్లిపోయింది. ఫోన్ చేసి ఒక్క సూది వెయ్యకుండా వెనక్కి రప్పించింది.

వచ్చిన సీసాలు చూడ్డానికి బాగానే ఉన్నాయి. ఆమె అదే బ్యాచ్‌లోంచి ఒక డీపీటీ సీసాని కావాలని రాత్రంతా గడ్డకట్టించి, పొద్దున కరగనిచ్చి, అనుమానం ఉన్న సీసాతో పాటు ఊపి బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఇద్దరం కూర్చుని చూశాం. అరగంట కూడా పట్టలేదు, రెండింట్లోనూ తెల్లటి పొడి అడుగుకి దిగి పైన నీరు తేరింది. గడ్డకట్టని మంచి టీకా అయితే అంత త్వరగా తేరదు. "చూశావా, రెండూ ఒకటే," అంది. వెనక్కొచ్చిన ఆ డీపీటీ, హెపటైటిస్, టీటీ సీసాలన్నీ పక్కన పెట్టించి పై ఆఫీసుకి ఉన్నదున్నట్టు రాసింది, నా పేరు మాత్రం రాయలేదు, "మా స్టోర్‌లో జరిగిన పొరపాటు" అని రాసింది.

ఇదంతా చెబుతానని ఆమెకి ముందే చెప్పాను. వద్దంది, "నలుగురిలో నీ పేరు పాడవుతుంది" అని! చాలాసేపు బతిమాలితే "నీ ఇష్టం" అంది. చదివి చూసుకుంటే ఆరు నిమిషాలు వచ్చింది, అందుకని కోస్తూ పోయాను, పరిచయం, డిగ్రీలు, పాత పోస్టింగులు అన్నీ తీసేశాను. చివరికి మిగిలింది ఇది:

"అక్కా, నా చెవి దగ్గర మీరు ఐస్ ప్యాకు ఊపిన ఆ బుధవారం తర్వాత నేను సర్దిన ప్రతి క్యారియర్‌కీ ముందు ఆ నీళ్ల చప్పుడు విన్నాను. ఆ ఊళ్లో ఆ రోజు పాడైన టీకా పడాల్సిన పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు. వాళ్లకి మంచి టీకా పడింది. అది మీ వల్లనని వాళ్లకి తెలియదు, నాకు తెలుసు."

రెండో వాక్యం దగ్గర గొంతు పట్టేసి ఆగాను. హాలంతా నిశ్శబ్దం. ముందు వరసలోంచి అక్క, మెడలో దండ సర్దుకుంటూ, నాకు మాత్రమే వినపడేంత మెల్లగా అంది, "బుధవారం కాదమ్మా, శనివారం."

శనివారం అని దిద్దుకుని మళ్లీ మొదటి నుంచి చదివాను.