పులుసు మరిగేలోగా మాట్లాడుకున్నవి

పెళ్లైన నాలుగో నెలలో మా ఆయనకు పుణెకు బదిలీ అయింది. ఉద్యోగం వల్ల నేను విజయవాడలోనే ఉండిపోయాను. రోజూ రాత్రి వీడియో కాల్ చేసుకునేవాళ్లం. రెండు వారాలకే అది ‘తిన్నావా’, ‘ఆఫీసు ఎలా ఉంది’, ‘ఇంకేంటి’ దగ్గరకు వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత ఇద్దరం తెర వంక చూస్తూ ఉండిపోయేవాళ్లం. నాకు నిజంగా భయమేసింది.

ఒకరోజు గుర్తొచ్చింది, కలిసి ఉన్నప్పుడు కూడా మేం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నది తక్కువే. ఆయన ఉల్లిపాయలు తరుగుతుంటేనో, నేను బట్టలు మడత పెడుతుంటేనో మాటలు వాటంతట అవే వచ్చేవి. అందుకే ఆదివారం కాల్‌లో ఇద్దరం ఒకే వంట చేద్దామనుకున్నాం.

మొదట దోసెలు వేశాం. అసలు కుదరలేదు. పెనం దగ్గర నుంచి కళ్లు తిప్పుకోలేం, చట్నీకి మిక్సీ వేస్తే మాట వినిపించదు. వంట మధ్యలో కాస్త ఖాళీ ఉండాలని అప్పుడు అర్థమైంది.

తర్వాతి ఆదివారం పులిహోర. ఆయన గదిలో ఇండక్షన్ స్టవ్ ఉంది. ఇంటి నుంచి తీసుకెళ్లిన అల్యూమినియం కుక్కర్ దాని మీద వేడెక్కకపోతే, అడుగు చదునుగా ఉన్న స్టీలు గిన్నె కొన్నారు. ఒకరి కోసం ఒకరు ఎదురుచూడకుండా గ్లాసు బియ్యం వండి పళ్లెంలో ఆరబెట్టడం, నిమ్మకాయంత చింతపండు నానబెట్టడం కాల్‌కు ముందే చేసేసుకున్నాం. ఫోన్లు స్టవ్‌కు కాస్త దూరంగా, ఆవిరి తగలకుండా, ముఖాలకంటే చేతులు బాగా కనిపించేలా పెట్టుకున్నాం. ఇదే అన్నిటికంటే పనికొచ్చింది. ముఖంలోకి చూడాల్సిన పని లేకపోయేసరికి మాట తేలికైంది.

పోపులో పులుసు పోసి, ఉప్పు, పసుపు వేసి సన్న సెగ మీద పెట్టాం. చిక్కబడి నూనె అంచుల్లో తేలడానికి పావుగంట పట్టింది. కలుపుతూ ఉండటం తప్ప పని లేదు. అప్పుడే ఆయన, వాళ్ల నాన్నగారు శ్రీరామనవమి పందిట్లో గంగాళం నిండా పులిహోర కలిపేవారని, ఆ రోజంతా ఆయన చేతులు పచ్చగా ఉండేవని చెప్పారు. మామయ్య గురించి ఆ సంగతి నాకు ఎన్నడూ తెలియదు. ఆ మాట మీద ఇంకో గంట మాట్లాడుకున్నాం, తింటూ కూడా.

ఆ తర్వాత గోంగూర పప్పు అనుకున్నాం. అక్కడ గోంగూరను అంబాడీ అంటారట. శనివారం సాయంత్రం ఆయన మార్కెట్ నుంచే కాల్ చేసి, వెనక కెమెరా ఆన్ చేసి కట్టలన్నీ వరసగా చూపించారు.

“ఇదేనా?”

“కాడ ఎర్రగా ఉందా? దగ్గరగా పెట్టండి, చూస్తాను.”