వాచీ అసలుదేనా అని కంపెనీకి రాసిన ఉత్తరం

నాన్న షష్టిపూర్తికి పాత జపాన్ సీకో ఆటోమేటిక్ వాచీ ఇవ్వాలనుకున్నాను. చిన్నప్పుడు ఆయన చేతికి అలాంటిదే ఉండేది. కోఠిలో పాత వాచీల దుకాణంలో 3,800 రూపాయలకు దొరికింది. "పక్కా ఒరిజినల్ సార్" అన్నాడు యజమాని. ఇంటికొచ్చి చూస్తే నలభై ఏళ్ల వాచీకి డయల్ నిన్ననే చేసినట్టు మెరిసిపోతోంది. అక్కడే మొదలైంది టెన్షన్.

సీకో కస్టమర్ కేర్‌కు రెండు ఫోటోలు పెట్టి "ఇది అసలుదేనా?" అని రాశాను. రెండు రోజులకు జవాబొచ్చింది: ఫోటోలు చూసి నిర్ధారించలేము, సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. కోపం వచ్చింది గానీ, నిజానికి నా ప్రశ్నే అలా ఉంది. లోపలి మెషీన్ చూడకుండా ఎవరు మాత్రం అవునని రాసిస్తారు?

రెండోసారి కిటికీ దగ్గర, ఫ్లాష్ లేకుండా ఫోటోలు తీశాను. వెనక మూత మీది చెక్కుడు అక్షరాలు నేరుగా తీస్తే కనబడలేదు, వెలుతురు పక్క నుంచి పడేలా తిప్పితే తేలాయి. మోడల్ నంబరు 7009తో మొదలైంది. సీరియల్ నంబరులో మొదటి రెండు అంకెలు 1, 4. ఆ కంపెనీ పద్ధతిలో మొదటిది సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. ఆ మెషీన్ వచ్చిన కాలాన్ని బట్టి 1981 ఏప్రిల్ అయి ఉండొచ్చు. ఇక డయల్ అడుగున, ఆరు అంకె కింద, చీమ తలంత అక్షరాలుంటాయి. ఫోన్ కెమెరాకు భూతద్దం అడ్డంపెట్టి తీస్తే అక్కడ 6309 అని ఉంది, అదీ అలికేసినట్టు.

ఈసారి ఉత్తరంలో ఇలా అడిగాను: "మూత మీది నంబరు, డయల్ మీది నంబరు వేరుగా ఉన్నాయి. ఈ రెండూ ఒకే వాచీవి కావచ్చా? లోపల చూసి చెప్పడానికి హైదరాబాద్‌లో ఎవరి దగ్గరకు వెళ్లాలి?"

జవాబు సూటిగా వచ్చింది. మొదటి నాలుగు అంకెలు మెషీన్ నంబరు, మామూలుగా రెండు చోట్లా ఒకటే ఉంటుంది, లేదంటే ఏదో ఒక భాగం మార్చి ఉండొచ్చు. సర్వీస్ సెంటర్ చిరునామా కూడా ఇచ్చారు.

అక్కడ మెకానిక్ మూత తిప్పి, లోపలి మెషీన్ మీద 7009 చూపించాడు. "మెషీన్ అసలుదే సార్. డయల్‌కే ఎవరో మళ్లీ రంగేసి, చేతికొచ్చిన నంబరు అచ్చు వేశారు." కాగితం మీద రాసివ్వమంటే మాత్రం నవ్వి ఊరుకున్నాడు.

కంపెనీ జవాబిచ్చిన ఈమెయిల్ ప్రింటు తీసుకుని దుకాణానికి వెళ్లాను. యజమాని చదివి, వాచీ ఒకసారి చెవి దగ్గర పెట్టుకుని, గల్లాలోంచి 800 తీసి ఇచ్చాడు.

"మెషీన్ గురించే కదా సార్ నేను ఒరిజినల్ అన్నది!"