పంపింగ్ మెయిన్ ఎకనామికల్ డయా: రెండు గీతలు కలిసే చోట జవాబు ఉండదు

ఏఈఈ, గేట్, ఈఎస్ఈ ఏది రాస్తున్నా వాటర్ సప్లైలో ఈ టాపిక్ చదవక తప్పదు. చాలామంది దీన్ని లీ ఫార్ములా ఒక్కటి బట్టీ పట్టి వదిలేస్తారు. ప్రశ్నను కొంచెం తిప్పి అడిగితే అక్కడే మార్కులు పోతాయి. కాబట్టి ఒకే ఒక్క లెక్కను మొదటి నుంచి చివరిదాకా చేద్దాం. దాన్ని మీ చేత్తో మీరు ఒకసారి వేసుకుంటే చాలు.

ముందు బొమ్మ సంగతి. డయా పెరిగేకొద్దీ పైపు ఖర్చు గీత పైకి పోతుంది, కరెంటు ఖర్చు గీత కిందికి దిగుతుంది. రెండూ కలిపిన మొత్తం ఖర్చు గీత మధ్యలో ఒకచోట పల్లంలోకి వస్తుంది. నోట్సుల్లో ఈ బొమ్మ గీసేటప్పుడు ఆ పల్లం సరిగ్గా రెండు గీతలు కోసుకునే బిందువు మీదే పడేలా గీస్తుంటారు. అది చూసి ‘రెండు ఖర్చులు సమానమైన చోటే ఎకనామికల్ డయా’ అని మనసులో పడిపోతుంది. అది తప్పు. సమానం కావాల్సింది ఖర్చులు కాదు, వాటి వాలులు. ఒక గీత ఎంత వేగంగా ఎక్కుతోందో, రెండోది అంతే వేగంగా దిగుతున్న చోట మొత్తం ఖర్చు కనిష్ఠమవుతుంది.

దీన్ని రెండు వరుసల్లో రాయొచ్చు. పైపు ఖర్చు `a·D^m` అనుకోండి. హేజెన్–విలియమ్స్ ప్రకారం ఘర్షణ నష్టం `D^4.87`కు విలోమం కాబట్టి కరెంటు ఖర్చు `b/D^4.87`. కూడి డెరివేటివ్‌ను సున్నా చేస్తే వచ్చేది ఇది:

```
m × (పైపు ఖర్చు) = 4.87 × (ఘర్షణ కరెంటు ఖర్చు)
```

m సాధారణంగా 1కి, 2కి మధ్య ఉంటుంది. అంటే సరైన డయా దగ్గర ఘర్షణ కోసం కాల్చే కరెంటు మొత్తం విలువ పైపు ఖర్చులో మూడో వంతు దరిదాపుల్లో ఉండాలి. రెండూ సమానంగా వచ్చాయంటే మీరు తీసుకున్న పైపు చిన్నదైపోయిందని అర్థం.

ఇప్పుడు లెక్క. 7.2 ఎంఎల్‌డీ నీరు, 10 కి.మీ. డీఐ పైపు, స్టాటిక్ హెడ్ 40 మీ., పంపింగ్ రోజుకు 20 గంటలు, C = 140. పంపు, మోటారు సామర్థ్యాలు రెండూ కలిపి 0.70. యూనిట్ కరెంటు 7 రూపాయలు, వడ్డీ 8 శాతం, కాలం 30 ఏళ్లు. రేట్లన్నీ లెక్క కోసం అనుకున్నవి. పరీక్షలో ప్రశ్నే ఇస్తుంది.

మొదటి మెట్టులోనే ఎక్కువమంది జారిపడతారు. 7.2 ఎంఎల్‌డీని 24 గంటలతో భాగిస్తే సెకనుకు 83 లీటర్లు వస్తుంది. పంపు నడిచేది 20 గంటలే కాబట్టి పైపులో నిజంగా పారేది 100 లీటర్లు, అంటే 0.1 ఘ.మీ./సె. తేడా చిన్నదిగానే కనిపిస్తుంది కానీ ఘర్షణ `Q^1.852` మీద ఆధారపడుతుంది. 24తో భాగించినవాళ్లకు హెడ్ లాస్ అసలు దానిలో 71 శాతమే వస్తుంది. అక్కడి నుంచి ప్రతి అంకె తప్పే. ప్రశ్నలో ‘గంటలు’ అన్న మాట కనబడగానే కింద గీత గీసుకోండి.

ఏ సైజులతో మొదలుపెట్టాలో లీ ఫార్ములా చెబుతుంది. `D = 0.97√Q` నుంచి `1.22√Q` వరకు. Q సెకనుకు ఘనపు మీటర్లలో, D మీటర్లలో ఉండాలి. ఇక్కడ 0.307 నుంచి 0.386 మీటర్లు వచ్చింది కాబట్టి 300, 350, 400, 450 మి.మీ. సైజులు చూస్తే సరిపోతుంది.

తర్వాతి మెట్టు చాలా సమయం మిగిలిస్తుంది. ఒక్క మీటరు హెడ్‌కు ఏడాదికి ఎంత కరెంటు అన్నది ఒకేసారి కట్టేసుకోవాలి. 9.81 × 0.1 ÷ 0.70 = 1.40 కి.వా. ఏడాదికి 7,300 గంటలు కాబట్టి సుమారు 10,230 యూనిట్లు, అంటే దాదాపు రూ.71,600. ఇక ప్రతి డయాకూ దాని హెడ్ లాస్‌తో గుణించడమే పని.

40 మీటర్ల స్టాటిక్ హెడ్‌ను ఈ పోలికలోకి తేవద్దు. ఏ పైపు వేసినా నీటిని ఆ ఎత్తుకు ఎక్కించక తప్పదు, ఆ ఖర్చు అన్నింటికీ ఒకటే. పంపు హార్స్‌పవర్ అడిగితేనో, పైపు ప్రెషర్ క్లాస్ చూడాల్సి వస్తేనో అది కావాలి.

బెండ్లు, వాల్వుల కోసం ఘర్షణ మీద 10 శాతం కలుపుదాం. కింది పట్టికలో ఘర్షణ అంకెలు ఇది కలపకముందువి, కరెంటు అంకెలు కలిపాక వచ్చినవి. ఏటేటా వచ్చే బిల్లును నేటి విలువలోకి మార్చడానికి 8 శాతం, 30 ఏళ్లకు గుణకం 11.26. ఇది వేయకుండా ఏడాది బిల్లును నేరుగా పైపు ధరతో కూడేవాళ్లుంటారు. ఒకటి ఒకసారి పెట్టే పెట్టుబడి, ఇంకొకటి ఏటా కట్టే డబ్బు, వాటిని నేరుగా కూడితే వచ్చేదానికి అర్థమే లేదు. వేయడంతో కలిపి పైపు ధర మీటరుకు వరుసగా 3,500, 4,400, 5,300, 6,300 రూపాయలు అనుకుంటే:

| డయా (మి.మీ.) | వేగం (మీ./సె.) | ఘర్షణ (మీ.) | పైపు (రూ. లక్షలు) | కరెంటు నేటి విలువ (రూ. లక్షలు) | మొత్తం (రూ. లక్షలు) |
|---|---|---|---|---|---|
| 300 | 1.41 | 56.0 | 350 | 496 | 846 |
| 350 | 1.04 | 26.4 | 440 | 234 | 674 |
| 400 | 0.80 | 13.8 | 530 | 122 | 652 |
| 450 | 0.63 | 7.8 | 630 | 69 | 699 |

జవాబు 400 మి.మీ. ఇప్పుడు మన నియమంతో సరిచూడండి. 300 నుంచి 450కి వెళ్లినప్పుడు పైపు ఖర్చు 1.8 రెట్లయింది కాబట్టి m దాదాపు 1.45. 1.45ను 4.87తో భాగిస్తే 0.30. పట్టికలో ఈ నిష్పత్తి 350 దగ్గర 0.53, 400 దగ్గర 0.23. అంటే అసలు కనిష్ఠం వీటి మధ్యలో, లెక్కేస్తే 384 మి.మీ. దగ్గర ఉంది. రెండు ఖర్చులూ సమానమయ్యే చోటు మాత్రం 317 మి.మీ. దగ్గర. దాన్ని నమ్ముకున్నవాళ్లు 300 పైపు ఎంచుకుని దాదాపు రెండు కోట్లు అదనంగా రాస్తారు.

పట్టికను ఇంకోసారి చూడండి. ఒక సైజు పెద్దది వేస్తే నష్టం 47 లక్షలు, ఒక సైజు చిన్నది వేస్తే 22 లక్షలు. కానీ రెండు సైజులు చిన్నదైతే 194 లక్షలు. చిన్న డయా వైపు గీత గోడలా లేస్తుంది, పెద్ద డయా వైపు మెల్లగా ఎక్కుతుంది. పల్లం అడుగు మాత్రం బల్లపరుపుగా ఉంటుంది. అందుకే ఆప్షన్లలో దగ్గరదగ్గర సైజులు ఇచ్చినప్పుడు ఉజ్జాయింపుతో నెట్టుకురాకూడదు, రెండింటికీ పూర్తి లెక్క వేయాల్సిందే.

లీ ఫార్ములాలో `√Q` ఎందుకొచ్చిందో కూడా ఇక్కడే తేలిపోతుంది. డార్సీ ప్రకారం ఘర్షణ `Q²/D^5`, పవర్ కోసం మరో Q తోడై `Q³/D^5` అవుతుంది. పైపు ఖర్చు డయాకు నేరుగా అనులోమం అనుకుంటే, అంటే m = 1 అయితే, కనిష్ఠం దగ్గర `D^6` అనేది `Q³`కు అనులోమం. అంటే D అనేది `√Q`కు అనులోమం. 0.97 నుంచి 1.22 వరకు అంత వెడల్పు పరిధి ఎందుకంటే పైపు ధర, కరెంటు ధర, వడ్డీ అన్నీ ఆ ఒక్క అంకెలోనే దాక్కున్నాయి. కాబట్టి దాన్ని వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే గుర్తుగానే వాడండి. మన లెక్కలో 400 ఆ పరిధి అంచు దాటే ఉంది.

జవాబును తారుమారు చేసేవి ముఖ్యంగా రెండు. ఒకటి వడ్డీ. 12 శాతం అయితే గుణకం 8.06కు పడిపోతుంది. అప్పుడు 350కి మొత్తం 608 లక్షలు, 400కి 618 లక్షలు వచ్చి 350 గెలుస్తుంది. వడ్డీ పెరిగితే రేపటి కరెంటు బిల్లు ఈరోజుకు చవకగా కనిపిస్తుంది కాబట్టి చిన్న పైపు వైపు మొగ్గు వస్తుంది. డిస్క్రిప్టివ్‌లో ఈ ఒక్క వాక్యం కారణంతో సహా రాస్తే విషయం తెలిసినవాళ్లని అర్థమవుతుంది.

రెండోది పంపింగ్ గంటలు. 7.2 ఎంఎల్‌డీ అన్నది 30వ ఏటి అవసరం. మొదటి ఏడు దానిలో 60 శాతమే కావాలనుకుంటే అదే పంపు 12 గంటలే నడుస్తుంది, ఏడాదికేడాది 20 గంటల దాకా పెరుగుతుంది. తొలి ఏళ్ల బిల్లుకే నేటి విలువలో బరువు ఎక్కువ కాబట్టి మొత్తానికి సరిపోయే సగటు 16 గంటలు కాదు, దాదాపు 14.5. అప్పుడు 350కీ 400కీ మధ్య కరెంటు తేడా 112 లక్షల నుంచి 81 లక్షలకు తగ్గుతుంది. పైపు తేడా 90 లక్షలు కాబట్టి 350 కాస్త ముందుకొస్తుంది. అయితే 350కి పంపు సైజు కూడా పెద్దది కావాలి, 77 కి.వా. బదులు 97. కిలోవాట్‌కు 15,000 రూపాయలు, ఒకటి నడిచేది, ఒకటి స్టాండ్‌బై అనుకుంటే 6 లక్షలు. పంపుల డిజైన్ కాలం 15 ఏళ్లే కాబట్టి మధ్యలో ఒకసారి మార్చే ఖర్చు నేటి విలువలో ఇంకో 2 లక్షలు. మళ్లీ రెండూ దాదాపు సమానమైపోయాయి.

ఇలా తేలనప్పుడు చూడాల్సింది వాటర్ హామర్. కరెంటు ఒక్కసారిగా పోయి పంపు ఆగితే పైపులో లేచే అదనపు హెడ్ `aV/g`. డీఐకి పీడన తరంగ వేగం a = 1,100 మీ./సె. అనుకుంటే 350లో 117 మీ., 400లో 90 మీ. పంపు దగ్గర మామూలుగా ఉండే 69, 55 మీటర్లకు వీటిని కలిపితే ఒకటి 186, రెండోది 145. ఆ 41 మీటర్ల తేడా ప్రెషర్ క్లాస్‌లోనూ సర్జ్ రక్షణ సామగ్రిలోనూ డబ్బుగా కనిపిస్తుంది. 450కి వెళితే సర్జ్ ఇంకా తగ్గుతుంది కానీ వేగం 0.63కు పడిపోతుంది. రా వాటర్ అయితే ఒండ్రు పేరుకునే హద్దుకు అది బాగా దగ్గర. అందుకే ఈ లెక్కలో చివరి జవాబు 400 మి.మీ. అనే రాయండి, పక్కనే ఖర్చు, సర్జ్, వేగం మూడు కారణాలూ ఒక్కో వరుసలో పెట్టండి.