అరికాలు చూశారా?

"అరికాలు చూశారా?" అని అడిగిందావిడ. నా కన్నా పదిహేనేళ్లు పెద్దదై ఉంటుంది. రేడియోగ్రాఫర్. డాక్టరు కాదు. శనివారం రాత్రి పదకొండు దాటాక, ఎమర్జెన్సీలో పదిమంది వింటుండగా, నన్ను పేరు పెట్టి పిలిచి మరీ అడిగింది.

ఇంగ్లండ్ వచ్చి అప్పటికి తొమ్మిది నెలలు. పేరుతో పిలవడానికి అలవాటు పడ్డాను కానీ, ఎక్స్‌రే తీసేవాళ్లు డాక్టర్ని ప్రశ్నించడానికి ఇంకా అలవాటు పడలేదు. కాకినాడలో చదువుకునే రోజుల్లో టెక్నీషియన్ ఫిల్మ్ ఇచ్చి "సార్" అని పక్కకు తప్పుకునేవాడు. ఇక్కడ ఏదైనా తేడాగా కనిపిస్తే ఫిల్మ్ మీద ఎర్ర చుక్క పెట్టే పద్ధతి ఒకటుంది. చదివే డాక్టరుకు అదొక హెచ్చరిక. ఆవిడ చుక్క పెట్టింది. నేను చూశాను, విరిగిన ఎముక కనిపించలేదు, బెణుకని రాసి ఇంటికి పంపబోతున్నాను. అందుకని లేచి వచ్చింది.

పేషెంటు నలభై ఆరేళ్ల పోస్ట్‌మ్యాన్. ఇంట్లో మెట్లు దిగుతూ చివరి మెట్టు లేదనుకున్నాడు. కాలివేళ్లు నేలకు ఆని, మడమ పైకి లేచి ఉండగా ఒంటి బరువంతా మధ్యపాదం మీద పడింది. పాదం పైన వాపు. వేళ్ల మీద నిలబడలేకపోతున్నాడు. చీలమండ మాత్రం బాగానే ఉంది.

కోపం దిగమింగి వెళ్లి పాదం ఎత్తి చూశాను. అరికాలి మధ్యలో, సరిగ్గా వంపు ఉండే చోట, నేరేడుపండు రంగులో కమిలి ఉంది. మామూలు బెణుకులో అక్కడ నెత్తురు చేరదు. పాదం లోతుల్లో, అడుగువైపు ఏదో తెగితేనే ఆ మచ్చ వస్తుంది. అది కనిపిస్తే, కాదని తేలేదాకా లిస్‌ఫ్రాంక్ దెబ్బే అనుకోవాలని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్నే నేను. పెద్దల పాదాలు ముట్టుకుని కళ్లకద్దుకునే ఇళ్లలో పెరిగాం కదా, మరి పాదం తిప్పి చూడాలని ఎందుకు తోచలేదో.

లిస్‌ఫ్రాంక్ నెపోలియన్ కాలపు ఫ్రెంచి సర్జన్. ఈ కీళ్ల వరస దగ్గర పాదాన్ని తీసేసే ఆపరేషన్ చెప్పినందుకు ఆ వరసకు ఆయన పేరు నిలిచింది. బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా ఐదు మెటాటార్సల్ ఎముకలు వెనకాల ఎముకలతో కలిసే చోటది. రెండో మెటాటార్సల్ మొదలు మిగతావాటికన్నా వెనక్కి, ఆ వెనకాల ఎముకల్లో క్యూనిఫామ్ అనేవాటి మధ్య గాడిలోకి దూరి ఉంటుంది. కమానుకు మధ్యరాయి ఎలాగో పాదం వంపుకు అదలాగ. మొదటి, రెండో మెటాటార్సల్స్ మొదళ్లను ఒకదానితో ఒకటి కట్టే లిగమెంట్ లేదు. లోపలివైపు క్యూనిఫామ్ నుంచి రెండో మెటాటార్సల్‌కు ఏటవాలుగా వెళ్లే ఒక్క పట్టీయే ఆ పని చేస్తుంది. అది తెగితే ఎముక విరగకుండానే మధ్యరాయి వదులవుతుంది.

అందుకే పడుకోబెట్టి తీసిన ఫిల్మ్ మోసం చేస్తుంది. బరువు లేనప్పుడు ఎముకలు మళ్లీ తమ చోటికి వచ్చి కూర్చుంటాయి. ఆవిడ నాకు స్క్రీన్ మీద చూపించింది ఒకటే గీత. రెండో మెటాటార్సల్ లోపలి అంచు, మధ్య క్యూనిఫామ్ లోపలి అంచు ఒకే వరసలో ఉండాలి. ఇతనిలో వెంట్రుకంత తేడా ఉంది. నేను దాన్ని పాదం పెట్టిన కోణం మీదికి నెట్టేశాను. ఆ రెండు మెటాటార్సల్స్ మధ్య చిన్న ఎముక పెచ్చు కనిపించినా సంగతి తేలిపోయేది కానీ, ఇతనికి అదీ లేదు.

"నిలబెట్టి తీయాలి. కానీ ఇవాళ నిలబడలేడు" అంది. బలవంతంగా నిలబెడితే బరువంతా మంచి కాలి మీదే వేస్తాడు, ఆ ఫిల్మ్ కూడా బాగున్నట్టే అబద్ధం చెబుతుంది. బూట్ వేసి, చేతికర్రలు ఇచ్చి, ఆ కాలు నేలకు ఆనించొద్దని చెప్పి, పది రోజులకు క్లినిక్‌కి రమ్మన్నాం.

పదో రోజు నేనూ ఎక్స్‌రే గదికి వెళ్లాను. ఆవిడ అతని చేయి పట్టుకుని, రెండు పాదాలూ ఒకే ప్లేట్ మీద పెట్టించి, బరువు సమానంగా వేసేదాకా ఓపిగ్గా నిలబెట్టింది. మంచి కాలిలో లోపలివైపు క్యూనిఫామ్‌కూ రెండో మెటాటార్సల్‌కూ మధ్య సందు రెండు మిల్లీమీటర్లు. దెబ్బ తగిలిన కాలిలో నాలుగున్నర. రెండు కాళ్లూ పక్కపక్కన లేకపోతే ఆ నాలుగున్నర కూడా అతని పాదం తీరే అనుకునేవాణ్నేమో. ఇలాంటివాటిలో దాదాపు ఐదింటిలో ఒకటి మొదట తప్పిపోతుందని పుస్తకాల్లో ఉంటుంది. ఆ ఒకటి నా చేతుల్లోంచి పోబోయింది. బెణుకనుకుని అతను మూటలు మోస్తూ తిరిగి ఉంటే వంపు కుంగి, కీలు అరిగి, రెండేళ్లకు మళ్లీ వచ్చేవాడు.

సీటీలో ఎముక ఎక్కడా విరగలేదు, తెగింది లిగమెంటే. ఇక ప్రశ్న: స్క్రూలో ప్లేట్లో పెట్టి ఎముకలను సరైన చోట నిలిపి, కీలును కాపాడాలా, లేక ఆ కీలును పూర్తిగా అతికించేయాలా? కన్సల్టెంట్ రెండూ చెప్పారు. విరిగిన ఎముక గట్టిగా అతుక్కుంటుంది. తెగిన లిగమెంట్‌కు ఆ నమ్మకం లేదు, స్క్రూలు తీశాక మళ్లీ వదులు కావచ్చు. 2006లో వచ్చిన ఒక ట్రయల్‌లో, ఇలాంటి లిగమెంట్ దెబ్బలున్న 41 మందిలో రెండేళ్లకు అతికించినవాళ్ల పాదం స్కోరు వందకు 88, నిలిపినవాళ్లది 68 చిల్లర. కానీ 2009 నాటి ఇంకో ట్రయల్‌లో పాదం పనితీరులో తేడా కనిపించలేదు. నిలిపినవాళ్లకే రెండో ఆపరేషన్లు ఎక్కువ, అవీ చాలావరకు ముందే అనుకున్న స్క్రూలు తీయడాలు. రెండూ చిన్న ట్రయల్సే. అతికించినా ఒక్కోసారి అతుక్కోదు, అప్పుడు మళ్లీ కోయాలి.

పోస్ట్‌మ్యాన్ అడిగింది ఒకటే. "పాదం బిగుసుకుపోతుందా?" లోపలివైపు మూడు కీళ్లు మామూలుగానే పెద్దగా కదలవు, అందుకే వాటిని అతికించినా నడకకు అంతగా తెలియదు. నాలుగు, ఐదు మాత్రం గతుకుల నేలను సర్దుకునేవి, వాటిని అతికించరు. అతను సెలవుల లెక్క వేసుకుని ఒక్క ఆపరేషన్‌తో పోయేది కావాలన్నాడు. మొదటి, రెండో కీళ్లు అతికించాం. మూడోది థియేటర్లో ఎక్స్‌రే కింద లాగి చూస్తే గట్టిగా ఉంది, వదిలేశాం. అదే చెదిరిన ఎముక ముక్కలతో వచ్చిన కుర్రాడైతే, నిలపడం వైపే మొగ్గేవాళ్లమని కన్సల్టెంట్ అన్నారు.

ఆ వారం కాకినాడలో ఉన్న నా క్లాస్‌మేట్‌కి ఫోన్ చేశాను. పాదం ఫిల్మ్ నిలబెట్టి తీయిస్తున్నారా అని అడిగితే నవ్వాడు. "ఒరేయ్, మన దగ్గర విరిగిన కాలితో బస్సు దిగి నడిచొస్తారు. నిలబెట్టడం కష్టం కాదు, నిలబెట్టమని రాసేవాడే లేడు." మన దగ్గర లైన్లో వందమంది ఉంటారు, టెక్నీషియన్‌కు మాట్లాడే తీరికుండదు అని నేను వాదించాను. అతనేమీ వాదించలేదు. నేనే ఒక్కణ్ని చాలాసేపు వాదించాను. మాట్లాడే తీరిక ఉన్నా "సార్" దాటి మాట్లాడనిచ్చేవాణ్నా అన్నది మాత్రం వాడికి చెప్పలేదు.

ఆవిడ ఇప్పటికీ నన్ను పేరుతోనే పిలుస్తుంది. నేను ఆవిడను పేరుతో పిలవలేక మేడమ్ అంటాను, నవ్వుతుంది. మొన్న ఫుట్‌బాల్ ఆడే పిల్ల ఒకతె వాచిన పాదంతో వచ్చింది. నేను ఫిల్మ్ అడగకముందే అరికాలు తిప్పి చూశాను. మచ్చ లేదు. అయినా నొక్కితే మధ్యపాదం నొప్పంది, వారంలో నిలబెట్టి రెండు పాదాలూ అని రాశాను. ఆవిడ కాగితం చూసి, "రెండూ ఒకే ప్లేట్ మీద అని కూడా రాయండి, నా తర్వాత డ్యూటీ వాళ్లకు తెలియదు" అంది.