చివరి క్రియ నుంచి వెనక్కి: టెట్ తెలుగులో సంక్లిష్ట వాక్యం పట్టుకోవడం

టెట్‌లో 150 ప్రశ్నలకు 150 నిమిషాలు. అందులో లాంగ్వేజ్-1 తెలుగుకు 30 మార్కులు. వాక్య భేదాల మీద వచ్చే ప్రశ్నకు కూడా నిమిషమే దక్కుతుంది. చాలామంది ఆ నిమిషాన్ని పట్టిక గుర్తు తెచ్చుకోవడానికి ఖర్చు చేస్తారు: చేసి అంటే క్త్వార్థకం, చేస్తూ అంటే శత్రర్థకం, చేస్తే అంటే చేదర్థకం, చేసినా అంటే అప్యర్థకం. పట్టిక సరైనదే, కానీ తోక చూసి పేరు పెట్టే అలవాటుతోనే మార్కులు పోతాయి.

ముందు ఈ పేర్ల సంగతి ఒక్కమాటలో. క్త్వా, శతృ అనేవి సంస్కృతంలో ప్రత్యయాలు. చేత్ అంటే 'అయితే', అపి అంటే 'కూడా'. ఈ రెండు అర్థాలు తెలిస్తే చేదర్థకం, అప్యర్థకం తారుమారు కావు. 'వానపడితే నాట్లు వేస్తాం' అన్నప్పుడు వాన షరతు. 'వానపడినా నాట్లు వేయలేదు' అన్నప్పుడు వాన కూడా పనిచేయలేదు.

వాక్యాన్ని ఎప్పుడూ చివరి నుంచి చదవాలి. తెలుగులో మామూలుగా సమాపక క్రియ చివర ఉంటుంది. ముందు దానికి సున్నా చుట్టండి, అది ప్రధాన వాక్యానిది. తర్వాత వెనక్కి వస్తూ, పూర్తి కాకుండా ఆగిన క్రియల కింద గీత గీయండి. ఒక్కో గీత ఒక్కో ఉపవాక్యం. గీత ఒక్కటైనా పడితే సంక్లిష్టం. గీతలేమీ లేకుండా సున్నాలే రెండు వస్తే సంయుక్తం. 'రవి వచ్చాడు కానీ మాట్లాడలేదు' సంయుక్తం. 'రవి వచ్చినా మాట్లాడలేదు' సంక్లిష్టం. సంగతి ఒకటే, కట్టు వేరు. కామా చూసి మాత్రం దేన్నీ తేల్చకండి.

సున్నా చుట్టడానికి క్రియే లేకున్నా సంయుక్తమయ్యే రకం ఒకటుంది. 'సీత, గీత అక్కాచెల్లెళ్లు' అన్నది సామాన్య వాక్యంలా కనిపిస్తుంది. సీత గీతకు అక్క, గీత సీతకు చెల్లెలు అనే రెండు సమాన వాక్యాలు అందులో కలిసిపోయాయి. కాబట్టి జవాబు సంయుక్తమే.

గీత గీసేటప్పుడే ఇంకో పొరపాటు జరుగుతుంది. 'వాడు పరీక్ష రాసి ఉంటాడు' అన్న వాక్యంలో 'రాసి' కనబడగానే క్త్వార్థకం అనేస్తారు. అక్కడ 'రాసి ఉంటాడు' అంతా కలిపి ఒకే క్రియ, కాబట్టి అది సామాన్య వాక్యం. అనుమానమొస్తే రెండు ముక్కల మధ్య ఒక మాట దూర్చి చూడండి. 'పుస్తకం కొని పెట్టాడు' అన్నదాన్ని 'పుస్తకం కొని, అల్మారాలో పెట్టాడు' అని విడదీయగలిగితే పనులు రెండు. తమ్ముడి కోసం కొనిచ్చాడు అనే అర్థంలో అయితే మధ్యలో ఏదీ దూరదు, అప్పుడు పని ఒక్కటే.

మన తెలంగాణ దిక్కు మాట్లాడే తెలుగు ఇక్కడ సాయమూ చేస్తుంది, దెబ్బా తీస్తుంది. 'పాట పాడుకుంట పోతున్నడు' అంటే 'పాడుతూ పోతున్నాడు', సాఫ్‌గా శత్రర్థకం. ఇది సాయం. దెబ్బ ఎక్కడంటే, 'నిన్న నేను పత్తి అమ్మిన' అన్నప్పుడు 'అమ్మిన' మనకు సమాపక క్రియ. 'నేను అమ్మిన పత్తి' అన్నప్పుడు అదే రూపం పత్తికి విశేషణం. ప్రశ్నపత్రంలో ఉండేది 'అమ్మాను' అనే రూపమే కాబట్టి, ఆప్షన్‌లో 'అమ్మిన' కనిపిస్తే వెంటనే దాని కుడివైపు చూడండి. నామవాచకం తగులుకొని ఉంటే అది విశేషణ ఉపవాక్యం. 'తిన్నా' కూడా ఇలాంటిదే. 'ఎంత తిన్నా ఆకలి తీరలేదు' అప్యర్థకం. 'ఇప్పుడే తిన్నా' అంటే వాక్యం అయిపోయింది.

క్త్వార్థకంలో కర్త ఒక్కడే ఉండాలనే సూత్రం అందరికీ తెలుసు. 'రైతు లేచి చేనుకు పోయాడు', లేచిందీ పోయిందీ రైతే. మరి 'వానలు పడి చెరువు నిండింది' సంగతేంటి? పడ్డవి వానలు, నిండింది చెరువు. ఇది తప్పు వాక్యం కాదు. మొదటి పని రెండోదానికి కారణమైతే కర్తలు వేరైనా క్త్వార్థకపు 'ఇ' చెల్లుతుంది. కారణం కాకపోతే చెల్లదు. 'రవి లేచి సీత బడికి పోయింది' చదివితే చెవికే తెలిసిపోతుంది.

ఇక వాక్యాలు కలిపే ప్రశ్న. శైలి సంగతి బయటపడేది ఇక్కడే. ఐదు ముక్కలు తీసుకుందాం. రైతు తెల్లవారుజామున లేచాడు. పత్తి బండికెత్తాడు. ఎనుమాముల మార్కెట్‌కు పోయాడు. ధర పడిపోయింది. పత్తి అమ్మలేదు.

తొందరలో వచ్చే జవాబు ఇలా ఉంటుంది: 'రైతు తెల్లవారుజామున లేచి, పత్తి బండికెత్తి, ఎనుమాముల మార్కెట్‌కు పోయి, ధర పడిపోయి, పత్తి అమ్మలేదు.' మొదటి మూడింటికీ కర్త రైతు. నాలుగో దగ్గర కర్త ధర అయింది, మళ్లీ చివర రైతుకే వచ్చింది. గొలుసు మధ్యలో కర్త మారితే చదివేవాడు తడబడతాడు. పైగా నాలుగు 'ఇ'లు ఒకే తూకంలో వరుసగా పడటంతో ఏది ముఖ్యమో తెలియదు. రెండు మూడు 'ఇ'లు దాటాక కట్టు మార్చడం మంచిది.

మార్చి చూడండి: 'తెల్లవారుజామునే లేచి, పత్తి బండికెత్తి ఎనుమాముల మార్కెట్‌కు పోయిన రైతు, ధర పడిపోవడంతో అమ్మకుండానే తిరిగొచ్చాడు.' రైతు పనులన్నీ 'పోయిన' అనే విశేషణం కిందికి చేరాయి. ధర వేరే కర్త కాబట్టి దానికి 'పడిపోవడంతో' అని కారణం రూపం ఇచ్చాం. 'తిరిగొచ్చాడు' మనం చేర్చిన మాట. వాక్యాలు కలపమన్న ప్రశ్నలో కొత్త సమాచారం చేర్చకూడదు కాబట్టి, జవాబులో 'పత్తి అమ్మలేదు' అనే ముగించాలి. చివరి క్రియ ఏది పెడితే వార్త అదే. 'రైతు అమ్మకపోవడానికి కారణం ధర పడిపోవడమే' అని రాస్తే బరువు ధర మీద పడుతుంది. సంగతులు అవే అయినా చదివేవాడి చూపు పక్కకు జరుగుతుంది.

దోషం గుర్తించే ప్రశ్నలకు ఈ వాక్యం మీద కాసేపు ఆగండి: 'బస్సులో నిద్రపోతూ దొంగను పోలీసులు పట్టుకున్నారు.' శత్రర్థకం చివరి క్రియ కర్తకు చెందుతుంది, అంటే నిద్రపోయింది పోలీసులే! రాసినవాడి ఉద్దేశం 'నిద్రపోతున్న దొంగను'. 'తూ'ను 'తున్న'గా మారిస్తే నిద్ర దొంగకు అతుక్కుంటుంది.

ఇంకో చిక్కు వ్యతిరేక క్రియతో వస్తుంది. 'రవి వచ్చి చెప్పలేదు' అంటే రవి వచ్చాడా, రాలేదా? వచ్చాడు కానీ చెప్పలేదు అనుకోవచ్చు, అసలు రానేలేదు అనీ అనుకోవచ్చు. చివర ఉన్న 'లేదు' కొన్నిసార్లు వెనకున్న 'వచ్చి'ని కూడా కమ్ముకుంటుంది. వచ్చిన మాట నిజమని చెప్పాలంటే 'వచ్చినా చెప్పలేదు' అనాలి. రాలేదని చెప్పాలంటే 'రానూ లేదు, చెప్పనూ లేదు' అని విడదీయాలి, అప్పుడది సంయుక్తమవుతుంది. ఆప్షన్లలో ఈ మూడూ పక్కపక్కన ఉంటే, అడిగింది అర్థమా, వాక్య భేదమా అని ప్రశ్నను మళ్లీ ఒకసారి చూడండి.