37 ఏళ్లకు తొలి కాన్పు, డబుల్ మార్కర్ రిపోర్టు: నా అనుభవం

నిన్న బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ అయింది. బిడ్డ గుండె, వెన్నెముక, కిడ్నీలు అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నారు. ఆ ధైర్యంతో ఇది రాస్తున్నాను, ఎందుకంటే మూడో నెలలో మేం పడ్డ నరకం ఇంకెవరూ పడకూడదు.

నాకు 37 నిండాయి, ఇదే తొలి కాన్పు. ఫైలు మీద ఎర్ర సిరాతో 'ఎల్డర్లీ ప్రైమీ' అని రాశారు, 35 దాటాక తొలిసారి గర్భం వస్తే అలాగే రాస్తారట. మొదటి స్కాన్, థైరాయిడ్, షుగర్ పరీక్షలు ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయాయి. 12వ వారంలో ఎన్‌టీ స్కాన్ చేసి, అదే రోజు డబుల్ మార్కర్‌కి రక్తం తీసుకున్నారు, బిడ్డకు డౌన్ సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే క్రోమోజోముల తేడా ఉండే అవకాశం ఎంతో లెక్కగట్టే పరీక్ష అది. స్కాన్‌లో బిడ్డ మెడ వెనుక నీటి పొర 1.6 మిల్లీమీటర్లు ఉంది, ముక్కు ఎముక కనిపించింది, బాగుందన్నారు.

రక్తం రిపోర్టు వచ్చిన రోజు మా డాక్టరమ్మ సెలవు. ఆవిడ బదులు కూర్చున్నావిడ కాగితం చూసి, నా మొహం కూడా చూడకుండా, "డౌన్ సిండ్రోమ్ పాజిటివ్ వచ్చిందమ్మా, ఈ వయసులో ప్లాన్ చేసుకుంటే ఇలాగే ఉంటుంది, తీయించుకునేదైతే తొందరగా చెప్పండి" అంది. తలుపు తీసే ఉంది. బయట బెంచీ మీద మా అత్తగారు, ఆవిడ పక్కన ముక్కూమొహం తెలియని వాళ్లు, అందరూ విన్నారు. పాజిటివ్ అంటే ఏంటి మేడమ్ అని మా ఆయన అడిగితే, రిపోర్టులోనే ఉంది చదువుకోండి అని తర్వాతి పేషెంటుని పిలిచింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. మర్నాటికల్లా చుట్టాల ఫోన్లు, చదువులూ ఉద్యోగాలూ అంటూ పెళ్లి ఆలస్యం చేసుకున్నందుకే అని నాకు పాఠాలు. పిల్లల్ని ఎప్పుడు కనాలో ఆడదాని ఇష్టం, ఆ మాట ఇప్పుడూ గట్టిగానే అంటాను.

మా డాక్టరమ్మ సెలవు నుంచి రాగానే విజయవాడలో కడుపులో బిడ్డల ఆరోగ్యం చూసే ఒక ఫీటల్ మెడిసిన్ డాక్టర్ దగ్గరికి పంపారు. ఆయన మొదట తలుపు వేశారు. తర్వాత రిపోర్టులో ఒక్కో లైను కింద గీత గీస్తూ చదివించారు. నాకు వచ్చింది 1:142. అంటే ఇలాంటి రిపోర్టు వచ్చిన 142 మంది తల్లుల్లో ఒక్కరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండొచ్చు, మిగతా 141 మందికి ఉండదు. 1:250 కన్నా ఎక్కువ అవకాశం ఉంటే ల్యాబు 'హై రిస్క్' అని ముద్ర వేస్తుంది, అంతేగానీ బిడ్డకు జబ్బు ఉందని కాదు. పైగా ఆ లెక్కలో నా వయసు ముందే కలిసి ఉంటుంది. పాతికేళ్ల తల్లికి పుట్టే బిడ్డకు ఈ అవకాశం సుమారు 1300లో ఒకటి, 35కి 350లో ఒకటి, 40కి 100లో ఒకటి. కాబట్టి వయసు పెరిగేకొద్దీ బిడ్డ బాగున్నా ఈ పరీక్షలో 'హై రిస్క్' పడే వాళ్లు ఎక్కువవుతారు. ఇది ఆ మొదటావిడ రెండు నిమిషాల్లో చెప్పగలిగేది.

రెండు దారులు చెప్పారు. ఉమ్మనీరు పరీక్ష 15 వారాలు దాటాక చేస్తారు, ఖాయంగా తేల్చేది అదే, కానీ సూది వల్ల గర్భం పోయే ప్రమాదం కొద్దిగా ఉంటుంది, దాదాపు 200లో ఒకటి అనుకోండి, ఇంకా తక్కువే అనే వాళ్లూ ఉన్నారు. ఎన్‌ఐపీటీ అనే పరీక్షకైతే తల్లి రక్తం చాలు, డౌన్ సిండ్రోమ్ ఉన్న వందమంది బిడ్డల్లో దాదాపు 99 మందిని పట్టుకుంటుంది, కానీ అదీ స్క్రీనింగే, అంటే అవకాశం ఎంతో చెప్పేదే గానీ ఖాయంగా తేల్చేది కాదు, అందులో హై రిస్క్ వస్తే ఉమ్మనీరు పరీక్ష చేయకుండా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. "మీ స్కాన్ బాగుంది కాబట్టి ఏది ఎంచుకున్నా తప్పు లేదమ్మా, నిర్ణయం మీ ఇద్దరిదీ" అన్నారు. మేం ఎన్‌ఐపీటీకి వెళ్లాం. ఖర్చు బాగానే అయింది. లో రిస్క్ వచ్చింది. రిపోర్టులో ఆడా మగా ఉందా అని అడిగిన వాళ్లున్నారు, మన దేశంలో అది చెప్పడం నేరం, అడగడం కూడా నాకు అసహ్యం.

అదే రిపోర్టులో ఇంకో సంగతి మొదటావిడ అసలు చూడలేదు. పాప్-ఏ అనే ప్రొటీను నాకు ఉండాల్సిన దానిలో సగం కూడా లేదు. అది మాయ నుంచి వచ్చేది, తక్కువైతే తర్వాత బీపీ పెరగడం, బిడ్డ ఎదుగుదల తగ్గడం జరగొచ్చట. తొలి కాన్పు, 35 దాటిన వయసు, మా అమ్మకి నేను కడుపులో ఉన్నప్పుడు బీపీ, ఇవన్నీ కలిపి చూసి రోజూ రాత్రి ఆస్పిరిన్ 150 మిల్లీగ్రాములు 36 వారాల దాకా వేసుకోమన్నారు. ఇది 16 వారాల లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. మాకు బిడ్డను తీయించుకోమని తొందర పెట్టారు గానీ, నిజంగా తొందరపడాల్సింది ఈ మాత్రకి. మీ అంతట మీరు మాత్రం వేసుకోకండి, డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టండి.

28వ వారం నుంచి ఎదుగుదల స్కాన్లు ఉన్నాయి. ఇంట్లో బీపీ మిషన్ కొన్నాం, 140/90 దాటినా, తలనొప్పి తగ్గకపోయినా, కళ్లు మసకబారినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా వచ్చేయమన్నారు.