నాయన పది లక్షల ఎఫ్‌డీ: తిన్నది వడ్డీనా, ఇత్తనమా

2019 ఏప్రిల్‌లో నాయన రోడ్డు పక్కన ఉన్న ఎకరా అమ్మేశాడు. అప్పులు తీర్చగా మిగిలిన పది లక్షలను అనంతపురంలో ఒక బ్యాంకులో ఐదేళ్లకు ఫిక్స్‌డ్ వేశాం. సీనియర్ సిటిజన్లకు ఇచ్చే అదనపు అర శాతం కలుపుకొని 7 శాతం. నెలనెలా వడ్డీ చేతికి వచ్చేటట్టు పెట్టించాడు. రాప్తాడు దగ్గర మా ఊర్లో ఆయనా అమ్మా ఇద్దరే ఉంటారు. నేను అనంతపురంలో టీచర్‌ని. బాండు నా బీరువాలో ఉండేది. నెలనెలా వడ్డీ పడిందో లేదో చూసి ఫోన్ చేసి చెప్పడం నా పని.

పాస్‌బుక్‌లో ప్రతి నెలా 5,799 రూపాయలు పడేది. పది లక్షలకు 7 శాతమంటే ఏడాదికి డెబ్బై వేలు, నెలకు 5,833 రావాలి కదా, ముప్పై నాలుగు రూపాయలు ఎక్కడ పోయాయని మొదట్లో బ్యాంకులో అడిగాను. వాళ్ల లెక్క మూడు నెలలకోసారి చక్రవడ్డీ. మూడు నెలల చివర ఇవ్వాల్సిన దాన్ని నెలనెలా ముందే ఇస్తున్నారు కాబట్టి ఆ మేరకు కొద్దిగా తగ్గిస్తారు. అది న్యాయమే. ఆ ముప్పై నాలుగు రూపాయల కోసం బ్యాంకు దాకా వెళ్లిన నేను, అసలు పోతున్న డబ్బును మాత్రం ఐదేళ్ల పాటు చూసుకోలేదు.

2024 ఏప్రిల్‌లో బాండు గడువు తీరింది. రెన్యూవల్ ఫారం తెచ్చుకొని ఊరికి పోయాను. నాయన అరుగు మీద కూర్చొని, "ఇంకేముంది పాపా, అట్లే తిరగ్గొట్టు. వడ్డీ తిన్న్యాం, అసలు ముట్టుకోలే. పది లచ్చలు పది లచ్చలు అట్లే ఉండాయి" అన్నాడు. అమ్మ లోపల నుంచి, "ఉంటే మాత్రం, ఆ దుడ్లకు ముందు మాదిరి సరుకులు యాడొస్తాండాయి?" అంది. మామూలుగా అయితే ఆ మాటను వినీ విననట్టు ఊరుకునేదాన్ని. ఆ రోజెందుకో ఫారం మీద సంతకం పెట్టించకుండా ఆగాను.

అమ్మ దగ్గర సరుకుల పుస్తకం ఉంది. కిరాణా కొట్టు ఆయన రాసిచ్చిన చీటీలు కూడా అందులోనే మడిచి పెట్టుకుంటుంది. 2019 వేసవిలో సోనా మసూరి మూట 1,100. 2024లో అదే రకం మూట 1,560. అప్పుడు మూట 25 కిలోలు, ఇప్పుడు 26. 2022 జులైలో 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగ్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చాక మార్కెట్‌లోకి 26 కిలోల మూటలు దిగాయి. మూటకు మూట పోల్చితే లెక్క తప్పుతుంది కాబట్టి కిలోకు మార్చాను. 44 రూపాయల నుంచి 60 రూపాయలు. 5,799 రూపాయలు అప్పుడు దాదాపు 132 కిలోల బియ్యానికి సరిపోయేవి. ఇప్పుడు 97 కిలోలకు కూడా సరిగ్గా రావు. పాస్‌బుక్‌లో అంకె ఒక్క రూపాయి కూడా మారలేదు.

బియ్యం ఒక్కటే చూసి తీర్పు చెప్పడం సరికాదనిపించింది. ఒక్కో సరుకు ఒక్కో తీరుగా పెరుగుతుంది, కొన్ని తగ్గుతాయి కూడా. దానికోసమే కేంద్ర గణాంక శాఖ ప్రతి నెలా వినియోగదారుల ధరల సూచీని ప్రకటిస్తుంది. తిండి, బట్ట, అద్దె, మందులు, బస్సు చార్జీలు అన్నీ కలిపిన బుట్ట అది. ఆ సూచీ ప్రకారం దేశం మొత్తానికి సగటు ద్రవ్యోల్బణం 2019-20లో 4.8 శాతం, తర్వాతి ఏళ్లలో వరుసగా 6.2, 5.5, 6.7, 5.4. ఐదింటినీ కూడితే 28.6 వస్తుంది. నేను మొదట అట్లాగే కూడి పొరపాటు పడ్డాను. రెండో ఏడు పెరిగేది అప్పటికే పెరిగిన ధర మీద, చక్రవడ్డీ మాదిరే. కాబట్టి గుణించాలి.

```
1.048 × 1.062 × 1.055 × 1.067 × 1.054 = 1.3205
```

అంటే 2019లో వంద రూపాయలకు వచ్చిన సరుకుకు 2024లో 132 రూపాయలు కావాలి. పది లక్షలను 1.3205తో భాగిస్తే 7,57,000 చిల్లర. నాయన పది లక్షలు ఐదేళ్ల కిందటి ధరల్లో ఏడున్నర లక్షలకు సమానమైపోయాయి. మేము ముట్టుకోలేదనుకున్న అసల్లో దాదాపు పావు భాగం కరిగిపోయింది.

బ్యాంకు మోసమేమీ చేయలేదు. చెప్పిన 7 శాతం, చెప్పినట్టే ఇచ్చింది. అది రూపాయల్లో రాబడి. పేపర్లలో దాన్నే నామమాత్రపు రాబడి అంటారు. ధరల పెరుగుదల తీసేశాక మిగిలేది వాస్తవ రాబడి. ఆ ఐదేళ్లలో ద్రవ్యోల్బణం సగటున ఏడాదికి 5.7 శాతం. దాన్ని నెలకు మార్చుకుంటే, పది లక్షల కొనుగోలు శక్తి తగ్గకుండా ఉండటానికి ప్రతి నెలా దాదాపు 4,650 రూపాయలు తిరిగి అసల్లో కలపాలి. వచ్చే 5,799లో అది తీసేస్తే నాయన నిజంగా ఖర్చు పెట్టుకోగలిగిన వడ్డీ 1,150 రూపాయలు. అదొక్కటే ఆదాయం. మిగతాదంతా వడ్డీ పేరుతో మా చేతికి వచ్చిన అసలే.

ఇది నాయనకు ఎట్లా చెప్పాలో తెలియక శెనక్కాయల లెక్కలో చెప్పాను. "నాయనా, కళ్లంలో పది మూటలొస్తే అందులో ముందు ఏం తీసి పెడతావు?" అన్నాను. "ఇత్తనానికి" అన్నాడు వెంటనే. ఎకరాకు రెండు మూటల కాయలు ఆయన ఏ కరువులోనూ తినలేదు, అమ్మలేదు. అవి అటక మీదే ఉండేవి. జూన్‌లో వాన పడినాకే వాటిని దించి ఒలిచేవాళ్లం. "ఈ వడ్డీలో కూడా ఇత్తనం కాయలు కలిసే వస్తాండాయి, విడిగా మూట కట్టి ఇయ్యరు, మనమే తీసి పెట్టుకోవాల" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అంటే అయిదేండ్లు ఇత్తనం తిన్న్యానా?" అన్నాడు. ఆయన గొంతులో ఆ బాధ విన్నాక, ఈ లెక్క ఐదేళ్ల కిందటే చేయనందుకు నా మీద నాకే కోపం వచ్చింది. చదువుకున్నది నేను కదా.

మరి చక్రవడ్డీకి వదిలేసి ఉంటే? అదే 7 శాతానికి నెలనెలా తీసుకోకుండా ఉంచితే ఐదేళ్లకు 14,14,778 అయ్యేది. ధరలతో సమానంగా నిలవడానికి 13,20,500 కావాలి. కాబట్టి మిగిలేది, కొంచెమైనా మిగిలేది. కానీ అది పన్ను లేని వాళ్లకు. నాయనకు వేరే ఆదాయం లేదు, ఏటా ఏప్రిల్‌లో ఫారం 15H ఇచ్చేవాళ్లం, టీడీఎస్ పడేది కాదు. నా సంగతి వేరు. నాకూ చక్రవడ్డీకి వేసిన లక్ష ఒకటి ఉంది, రేటు అదే 7 శాతం. నేను పాత పన్ను విధానంలో 20 శాతం శ్లాబులో ఉన్నాను, సెస్సుతో 20.8. డబ్బు చేతికి రాకపోయినా ఏ ఏడు వడ్డీని ఆ ఏడే ఆదాయంలో చూపిస్తాను. పన్ను లెక్క ద్రవ్యోల్బణాన్ని చూడదు. ధరల పెరుగుదలను పూడ్చే వడ్డీ మీద కూడా పూర్తి పన్నే. 7 శాతం మూడు నెలల చక్రవడ్డీతో 7.19 అవుతుంది, పన్ను పోగా 5.69. లక్షకు దాదాపు 1,31,900. ధరల లెక్కన కావాల్సింది 1,32,050. ఐదేళ్లు ముట్టుకోకుండా దాచి నేను సంపాదించింది ఏమీ లేదు. 30 శాతం శ్లాబులో ఉన్న వాళ్లకైతే అదే బాండు మీద స్పష్టంగా నష్టమే.

7 శాతం ప్రతిసారీ నష్టమేనని నేననడం లేదు. 2025 అక్టోబరులో ద్రవ్యోల్బణం 0.25 శాతానికి పడిపోయింది. అంతకుముందే 7 శాతానికి వేసుకున్న వాళ్లకు ఆ కాలంలో మంచి రాబడి. చిక్కు ఏమిటంటే, బాండు మీద రేటు మొదటి రోజే అచ్చవుతుంది. ధరలు ఎంత పెరుగుతాయో గడువు తీరాకే తెలుస్తుంది. ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధరలు తగ్గాయని కూడా కాదు, పెరిగే వేగం తగ్గిందని. 60కి చేరిన బియ్యం తిరిగి 44కు రావు. పైగా సూచీలోని బుట్ట దేశం మొత్తానిది. 2012 ఆధార సంవత్సరంగా ఉన్న అప్పటి బుట్టలో ఆరోగ్యానికి 6 శాతం లోపే బరువు ఉండేది. మా నాయన ఖర్చులో బీపీ, షుగర్ మాత్రలు, డాక్టర్ ఫీజు, ఆటో కలిపి ఐదో వంతు దాటుతాయి. అందుకే అమ్మ పుస్తకాన్ని నేను సూచీ కంటే తక్కువగా చూడను.

చివరికి రెన్యూవల్ ఫారం వాడలేదు. పది లక్షలను రెండుగా విడదీశాం. ఆరు లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో పెట్టాం. అప్పుడు 8.2 శాతం, ఐదేళ్ల వరకు రేటు మారదు, మూడు నెలలకోసారి 12,300 వస్తుంది. నెలకు లెక్కేస్తే 4,100. మధ్యలో తీసేస్తే కోత ఉంటుంది, అది నాయనకు ముందే చెప్పాను. నాలుగు లక్షలు బ్యాంకులోనే, సీనియర్ల రేటు 7.5 శాతానికి, చక్రవడ్డీకి వదిలేశాం. అదే విత్తనం మూట. 2029లో అది 5,80,000 అవుతుంది. ఆరు లక్షలతో కలిపితే 11,80,000. రిజర్వ్ బ్యాంకు లక్ష్యంగా పెట్టుకున్న 4 శాతం దగ్గరే ధరలు పెరిగితే అప్పటికి 12,17,000 ఉండాలి. ముప్పై ఏడు వేలు తక్కువ. కరిగిపోయిన పావు భాగం ఎట్లాగూ తిరిగి రాదు, ఇది 2024 నుంచి లెక్క.

నెల ఆదాయం 5,799 నుంచి 4,100కు తగ్గింది. ఆ 1,700 నేను పంపిస్తానంటే నాయన ఒప్పుకోలేదు. కూతురి దగ్గర దుడ్లు తీసుకోవడం ఆయనకు నచ్చదు. రెండు రోజులు మాట మాట అనుకున్నాక, మందులు మాత్రం నేను టౌన్లో కొని పంపేటట్టు ఒప్పుకున్నాడు, బిల్లు అడగనని కూడా చెప్పాడు. తక్కువైన ముప్పై ఏడు వేల సంగతి ఆయనే ఎత్తాడు. బర్రె పాల దుడ్లలో నుంచి నెలకు ఐదు వందలు పోస్టాఫీసులో ఆర్‌డీ కడతానన్నాడు. ఐదేళ్లకు దాదాపు ముప్పై ఆరు వేలవుతుందని చెప్పాను. "సరే, ఒక వెయ్యి తక్కువ గదా, సూసుకుందాం" అని అమ్మ పుస్తకం చివరి పేజీలో ఆర్‌డీ నంబరు రాసుకున్నాడు, దాని కింద ఆ రోజు కిలో బియ్యం ధర కూడా.